రెండో గుండె చప్పుడు చీలింది, ఇప్పుడేం చేయాలి? ఊపిరి వదిలినప్పుడు వినండి

హౌస్ సర్జన్లు, మూడో సంవత్సరం పిల్లలు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "సర్, ఎస్2 స్ప్లిట్ అయినట్టే వినపడుతోంది. అది నార్మలా, వైడా, ఫిక్స్‌డా అనేది ఎలా తేల్చాలి?" రౌండ్స్‌లో నిలబడి రెండు నిమిషాల్లో చెబితే సగమే బుర్రకెక్కుతుంది. అందుకే నేను మంచం పక్కన ఏ వరసలో చేస్తానో ఆ వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అవసరమైనంత థియరీ. రెండో చప్పుడులో రెండు ముక్కలున్నాయి. అయోర్టిక్ వాల్వ్ మూసుకున్నప్పుడు ఏ2, ఆ వెంటనే పల్మనరీ వాల్వ్ మూసుకున్నప్పుడు పీ2. ఊపిరి పీల్చినప్పుడు గుండె కుడివైపుకి రక్తం ఎక్కువగా వస్తుంది, ఊపిరితిత్తుల రక్తనాళాలు కాస్త విచ్చుకుంటాయి. దాంతో పల్మనరీ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది. అదే సమయంలో ఎడమవైపుకి వచ్చే రక్తం కొంచెం తగ్గి, ఏ2 ఒక పిసరు ముందుకు జరుగుతుంది. అలా రెండు ముక్కలూ దూరమవుతాయి. ఊపిరి వదిలేసరికి మళ్లీ దగ్గరకొస్తాయి. ఆ ఎడం 0.03 సెకన్ల లోపు ఉంటే మన చెవి దాన్ని ఒకే చప్పుడుగా తీసుకుంటుంది.

కాబట్టి ఊపిరి వదిలినప్పుడు ఒక్కటే చప్పుడు వినపడాలి. అందరూ పీల్చినప్పుడు చీలిందా లేదా అని వెతుకుతారు. అసలు సమాధానం ఉండేది ఊపిరి వదిలినప్పుడే.

కావలసినవి

మంచి డయాఫ్రమ్ ఉన్న స్టెతస్కోప్, సెకన్ల ముల్లున్న గడియారం, నిశ్శబ్దం. విశాఖలో మూడోదే కష్టం. మన ఉక్కపోతకి వార్డులో ఫ్యాన్లు ఏడాది పొడుగునా తిరుగుతూనే ఉంటాయి. ఆ మోత సరిగ్గా పీ2 లాంటి మెత్తని చప్పుళ్లనే మింగేస్తుంది. "రెండు నిమిషాలు ఫ్యాన్ ఆపుతానమ్మా, చెమట పడుతుంది, ఏమనుకోకండి" అని చెప్పి ఆపండి. సముద్రం వైపు కిటికీ ఉంటే దాన్ని కూడా మూయండి. ఛాతీకి చెమట పట్టి ఉంటే తుడిచి పెట్టండి, లేకపోతే డయాఫ్రమ్ జారి కొత్త చప్పుళ్లు పుట్టిస్తుంది.

మెట్లెక్కి వచ్చిన మనిషిని వెంటనే వినకండి. నాడి నిమిషానికి 100 దాటితే ఈ ముక్కల్ని విడదీసి వినడం దాదాపు అసాధ్యం. పది నిమిషాలు కూర్చోబెట్టండి.

1. ముందు చెవికి ఎడం అలవాటు చేయండి

బల్ల మీద చూపుడు వేలు, మధ్య వేలు ఒకేసారి కొట్టండి. "డప్" అంటుంది. ఇప్పుడు మధ్య వేలు వెంట్రుకవాసి ఆలస్యంగా పడేలా కొట్టండి. "డ్రప్" అంటుంది. మీరు పట్టుకోవాల్సిన ఎడం అంతే. వేళ్లను తీరిగ్గా ఒకదాని తర్వాత ఒకటి "డప్-డప్" అని కొడితే అది స్ప్లిట్‌కి చాలా పెద్ద ఎడం. గుండెలో అంత దూరం వినపడితే అది మూడో చప్పుడో, ఇంకోటో అయ్యుంటుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు తప్పెటగుళ్లు చూసినవాళ్లకి ఇది ఇంకా తేలిక. గుండెల మీద కట్టుకున్న తప్పెట మీద రెండు అరచేతులూ కలిసి పడితే ఒక దెబ్బ. ఒక చెయ్యి పిసరంత వెనకబడితే ఆ దెబ్బకి ఒక తోక వస్తుంది. మీరు వినాల్సింది ఆ తోకనే.

మొదటి సాధన రోగి మీద వద్దు. బక్కపల్చగా ఉన్న పద్దెనిమిది, ఇరవయ్యేళ్ల స్నేహితుణ్ణి పట్టుకోండి. ఆ వయసులో మామూలు స్ప్లిట్ చాలా స్పష్టంగా వినపడుతుంది.

2. సరైన చోటు పట్టుకోండి

ఛాతీ మధ్య ఎముక మీద పైనుంచి వేలు జార్చుకుంటూ వస్తే ఒక చిన్న గట్టు తగులుతుంది. దాని పక్కన ఉన్నది రెండో పక్కటెముక. దాని కిందిది రెండో సందు. ఎడమవైపు, ఎముక అంచుకి ఆనుకుని అక్కడ డయాఫ్రమ్ గట్టిగా నొక్కండి. తీసినప్పుడు చర్మం మీద గుండ్రటి అచ్చు కనపడాలి. అచ్చు లేదంటే మీరు సరిగ్గా నొక్కలేదు. ఈ చప్పుళ్లు హెచ్చు స్థాయివి, బెల్‌తో వినకండి.

అక్కడ వినపడకపోతే మూడో సందులో వినండి. సిగరెట్లు కాల్చి ఛాతీ పీపాలా అయినవాళ్లలో పీ2 పైన అసలు వినపడకపోవచ్చు. వాళ్లలో ఛాతీ ఎముక కిందికొస, పొట్ట మొదలయ్యే చోట ప్రయత్నించండి.

3. ఏది ఎస్1, ఏది ఎస్2 అనేది తేల్చుకోండి

మెడలో కెరోటిడ్ నాడి మీద రెండు వేళ్లు ఆనించండి. నాడి కొట్టుకోవడానికి కాస్త ముందు వచ్చేది ఎస్1, తర్వాత వచ్చేది ఎస్2. ఇది చిన్నపిల్లల పని అనుకుని చాలామంది దాటేస్తారు. చీలిన ఎస్1ని చీలిన ఎస్2గా రాసిన కేస్ షీట్లు నేను చాలా చూశాను.

4. ఊపిరి మీ చేతిలో ఉండాలి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. "గట్టిగా ఊపిరి పీల్చి ఆపండి" అంటారు. ఊపిరి బిగబట్టగానే ఛాతీలో ఒత్తిడి మారిపోతుంది, కుడివైపుకి రక్తం రావడమే తగ్గిపోవచ్చు. పైగా నాలుగైదు బీట్లలో గుండె కొత్త స్థితికి సర్దుకుంటుంది, మీకు వినపడాల్సిన కదలిక పోతుంది. మరీ గట్టిగా పీల్పిస్తే ఊపిరితిత్తుల సవ్వడి గుండె చప్పుడుని కప్పేస్తుంది.

నేను చేసేది ఇది. "నోరు కొంచెం తెరిచి, మామూలు కంటే ఒక్క పాలు ఎక్కువగా ఊపిరి తీసుకోండి. నా చెయ్యి పైకి లేస్తే పీల్చండి, కిందికి దిగితే వదలండి. ఎక్కడా ఆపొద్దు" అంటాను. ఎడమ చెయ్యి నెమ్మదిగా పైకి ఎత్తుతాను, నెమ్మదిగా దించుతాను. ఒక ఊపిరికి నాలుగైదు సెకన్లు. నా చెయ్యి నాకూ కనపడుతుంది కాబట్టి ఏ చప్పుడు ఏ ఊపిరిలో వచ్చిందో గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

కనీసం ఎనిమిది ఊపిర్లు వినండి. మొదటి రెండూ వదిలేయండి. రోగికి టెన్షన్, మీకూ టెన్షన్, అవి లెక్కలోకి రావు.

5. చెయ్యి కిందికి దిగినప్పుడు ఒక్క ప్రశ్న

ఊపిరి వదిలినప్పుడు చప్పుడు ఒకటా, రెండా?

ఒకటే అయి, పీల్చినప్పుడు రెండుగా విడిపోతే అది మామూలు స్ప్లిట్. అక్కడితో ఆపేయండి. రెండు వేళల్లోనూ ఒకటే అయితే కంగారు పడకండి. యాభై దాటిన చాలామందిలో స్ప్లిట్ వినపడదు.

ఊపిరి వదిలినప్పుడు కూడా రెండు వినపడితే ఏ మాటా రాయకుండా ఆరో మెట్టుకి వెళ్లండి.

6. లేపి కూర్చోబెట్టి మళ్లీ వినండి

ఈ మెట్టు దాటేయడం వల్ల జరిగిన తప్పు ఒకటి నాదే ఉంది. పీజీలో ఉండగా స్పోర్ట్స్ కోటా ఫిట్‌నెస్‌కి వచ్చిన ఒక కుర్రాణ్ణి పడుకోబెట్టి విన్నాను. ఊపిరి వదిలినా స్ప్లిట్ ఉంది. "ఫిక్స్‌డ్ స్ప్లిట్, ఏఎస్‌డీ అనుమానం" అని రాశాను. ఎకోకి తేదీ దొరికేదాకా ఆ అబ్బాయి తల్లి మూడు వారాలు సరిగ్గా నిద్రపోలేదు. ఎకో నార్మల్. మా ప్రొఫెసర్ ఆ అబ్బాయిని మంచం మీద కూర్చోబెట్టి, నా స్టెతస్కోప్ నా చెవుల్లోనే ఉంచి, "ఇప్పుడు విను" అన్నారు. ఒక్కటే చప్పుడు.

పడుకున్నప్పుడు కాళ్ల నుంచి రక్తం కుడివైపుకి ఎక్కువగా చేరుతుంది. వయసులో ఉన్నవాళ్లలో ఆ ఒక్క కారణానికే ఊపిరి వదిలినా చిన్న ఎడం మిగులుతుంది. కూర్చోబెడితే పోతుంది. కూర్చున్నాక కూడా, ఊపిరి వదిలినప్పుడు కూడా మిగిలిన స్ప్లిట్‌నే అసహజమైనదిగా లెక్కపెట్టండి.

7. ఇప్పుడు చెయ్యి పైకెత్తండి

కూర్చోబెట్టి, చెయ్యి పైకి లేచినప్పుడు ఆ ఎడం ఏమవుతోందో వినండి. మూడు దారులున్నాయి.

*ఇంకా పెరిగితే* అది వైడ్ స్ప్లిట్. పీ2 ఆలస్యమవుతోంది, లేదా ఏ2 తొందరపడుతోంది. రోజువారీ చూసేది రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్. కుడి జఠరికకి కరెంటు ఆలస్యంగా చేరుతుంది కాబట్టి అది ఆలస్యంగా ఖాళీ అవుతుంది. పల్మనరీ స్టెనోసిస్‌లో కూడా ఎడం పెరుగుతుంది. జబ్బు ముదిరేకొద్దీ పీ2 దూరం జరుగుతూ మెత్తబడుతుంది. బాగా ముదిరితే పీ2 వినపడక, ఒకే చప్పుడని మోసపోతాం. తీవ్రమైన మైట్రల్ రిగర్జిటేషన్‌లో కథ వేరు. ఎడమ జఠరిక రెండు వైపులా ఖాళీ అయిపోతుంది కాబట్టి ఏ2 ముందే వచ్చేస్తుంది.

*మారకపోతే* అది ఫిక్స్‌డ్ స్ప్లిట్. మొదట గుర్తు రావాల్సింది ఏట్రియల్ సెప్టల్ డిఫెక్ట్, అంటే కర్ణికల మధ్య గోడలో రంధ్రం. ఊపిరి పీల్చినప్పుడు బయటినుంచి కుడివైపుకి రక్తం పెరిగితే, రంధ్రంలోంచి ఎడమ నుంచి వచ్చేది ఆ మేరకు తగ్గుతుంది. వదిలినప్పుడు దీనికి తిరగబడి జరుగుతుంది. మొత్తం మీద కుడి జఠరికకి చేరేది దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి ఎడం కదలదు. కుడి జఠరిక బాగా నీరసించినప్పుడు కూడా స్ప్లిట్ కదలదు, ఎందుకంటే ఎక్కువ రక్తం వచ్చినా అది ఇంకేమీ ఎక్కువ తోయలేదు. ఆ రోగికి మెడ నరాలు ఉబ్బి, కాళ్లకు నీరు ఉంటుంది. చూడగానే తేడా తెలుస్తుంది.

*మూసుకుపోతే*, అంటే వదిలినప్పుడు రెండుగా ఉండి పీల్చినప్పుడు ఒకటైపోతే అది రివర్స్‌డ్ స్ప్లిట్. ఇక్కడ ఏ2 ఎంత ఆలస్యమైందంటే పీ2 వెనక్కి పడిపోయింది. ఊపిరి పీల్చినప్పుడు పీ2 మామూలుగానే ఆలస్యమై, వెనకున్న ఏ2ని చేరుకుంటుంది. అందుకే ఎడం మూసుకుంటుంది. లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ దీనికి ముఖ్య కారణం. కుడి జఠరికలో పేస్‌మేకర్ తీగ ఉన్నవాళ్లలో కూడా, పేస్‌మేకర్ గుండెను నడుపుతున్నంతసేపూ ఇదే వినపడుతుంది. దీన్ని నేర్చుకోవడానికి పేస్‌మేకర్ క్లినిక్‌ని మించిన చోటు లేదు. తీవ్రమైన అయోర్టిక్ స్టెనోసిస్‌లో కూడా ఉంటుందని పుస్తకాలు రాస్తాయి, నిజమే. కానీ వాల్వ్ సున్నంలా గట్టిపడితే ఏ2 అసలు వినపడదు కాబట్టి చాలాసార్లు ఆ స్ప్లిట్ చెవికి అందదు.

8. ఏ ముక్క ముందుదో సరిచూసుకోండి

రివర్స్‌డ్ అనే అనుమానం వస్తే ఇది తప్పనిసరి. ఏ2 ఛాతీ అంతా వినపడుతుంది. పీ2 మామూలుగా రెండు, మూడు సందులు దాటి పెద్దగా వెళ్లదు. స్టెతస్కోప్‌ని రెండో సందు నుంచి గుండె కొస వైపు అంగుళం అంగుళం జరపండి. దారిలో మాయమైపోయే ముక్క పీ2. మాయమైంది రెండో ముక్క అయితే వరస మామూలే. మొదటి ముక్క మాయమైతే వరస తిరగబడింది.

ఒక హెచ్చరిక. గుండె కొస దగ్గర కూడా పీ2 స్పష్టంగా ఉంటే ఈ పరీక్ష పనిచేయదు. అప్పుడు ఊపిరితిత్తుల రక్తపోటు ఉందేమో చూడాలి. పెద్ద ఏఎస్‌డీలో కూడా పీ2 అక్కడిదాకా రావచ్చు.

9. స్ప్లిట్ కాని వాటిని వేరు చేయండి

మైట్రల్ స్టెనోసిస్‌లో వచ్చే ఓపెనింగ్ స్నాప్ ఎక్కువగా మోసం చేస్తుంది. మన దగ్గర రుమాటిక్ గుండె జబ్బు ఇంకా ఉంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. స్నాప్ గుండె కొసకీ, ఛాతీ ఎముక ఎడమ అంచుకీ మధ్య బాగా వినపడుతుంది. రోగిని నిలబెట్టండి. స్ప్లిట్ అయితే ఎడం తగ్గుతుంది. స్నాప్ అయితే ఎస్2కీ దానికీ మధ్య ఎడం పెరుగుతుంది. మూడో చప్పుడు ఇంకా దూరంగా, మందంగా, కొస దగ్గర బెల్ తేలిగ్గా ఆనించినప్పుడు వినపడుతుంది. డయాఫ్రమ్ గట్టిగా నొక్కితే పోతుంది.

ఒక కేసు, మొదటి నుంచి

పెదజాలారిపేట నుంచి ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి. చేపలు అమ్ముతుంది, ఇద్దరు పిల్లలు. "సింహాచలం మెట్లెక్కితే సగంలోనే ఆయాసమొస్తాది మేడమ్, ముందు ఇలగ లేదు" అని మా జూనియర్‌తో చెప్పింది. రెండు కాన్పుల్లోనూ ఎక్కడో గుండె చప్పుడు తేడాగా ఉందని విని, రక్తం తక్కువ వల్లేనని ఐరన్ మాత్రలిచ్చి పంపారట. ఇప్పుడు హిమోగ్లోబిన్ 11.8. దాంతో మర్మర్‌ని రక్తహీనత మీదికి నెట్టలేం.

నాడి 84, బీపీ 110/70. ఛాతీ ఎముక ఎడమ అంచున అరచేయి ఆనిస్తే చిన్న ఎత్తుడు తెలుస్తోంది. రెండో సందులో మెత్తని సిస్టోలిక్ మర్మర్. మా జూనియర్ ఆ మర్మర్ దగ్గరే ఆగిపోయి, "పల్మనరీ స్టెనోసిస్ అనుకుంటున్నాను సర్" అంది. మర్మర్ గురించి కాసేపు మర్చిపోయి, దాని తర్వాత వచ్చే చప్పుడే విను అన్నాను.

పడుకుని ఊపిరి వదిలితే రెండు. కూర్చోబెట్టాం. వదిలితే రెండే. నేను చెయ్యి ఎత్తుతూ దించుతూ ఉంటే ఆ పిల్ల కళ్లు మూసుకుని ఎనిమిది ఊపిర్లు వింది. "డ్రప్, డ్రప్, డ్రప్. చెయ్యి ఎక్కడున్నా ఒకేలా ఉంది సర్" అంది. స్టెనోసిస్ అయితే చెయ్యి లేచినప్పుడు ఎడం పెరగాలి, పీ2 మెత్తగా ఉండాలి. ఇక్కడ ఎడం కదలలేదు, పీ2 కిందిదాకా వినపడుతోంది.

ఈసీజీలో అసంపూర్ణ రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ ఉంది. సగంలో ఆగేవాళ్లు ఇక్కడ మళ్లీ పొరబడతారు, "బ్లాక్ ఉంది కాబట్టే స్ప్లిట్" అంటారు. ఒక్క బ్లాకే కారణమైతే ఎడం ఊపిరితో కదలాలి. కదలడం లేదు. ఎకోలో కుడి జఠరిక పెద్దదైంది, కర్ణికల మధ్య గోడ నడిమిలో 20 మిల్లీమీటర్ల రంధ్రం, ఎడమ నుంచి కుడికి రక్తం. ఊపిరితిత్తుల ఒత్తిడి ఇంకా పెరగలేదు. ఆ మర్మర్ కూడా రంధ్రంలోంచి వచ్చేది కాదు. కర్ణికల మధ్య ఒత్తిడి తేడా చాలా తక్కువ, అక్కడ చప్పుడు పుట్టదు. ఎక్కువైన రక్తం పల్మనరీ వాల్వ్ గుండా పోతున్నప్పుడు వచ్చే చప్పుడది.

సరిగ్గా విన్నారో లేదో చూసుకోవడం

ముందు రాయండి, తర్వాత ఈసీజీ తెరవండి. ఈసీజీ చూశాక విన్నది పనికిరాదు, చెవి కాగితం చెప్పిందే వింటుంది. నోట్‌లో "స్ప్లిట్ ఉంది" అని రాయకండి. "కూర్చున్నప్పుడు, ఊపిరి వదిలినప్పుడు ఎడం ఉంది, పీల్చినప్పుడు పెరిగింది" అని మూడు విషయాలూ రాయండి. ఆ తర్వాత ఈసీజీలో బ్లాక్ ఏ వైపుందో పోల్చుకోండి. ఫిక్స్‌డ్ అనిపిస్తే ఎకో తప్పదు. ఎకో కుడి జఠరిక పెద్దదైందని చెప్పి, రంధ్రం చూపించకపోతే అక్కడితో వదిలేయకండి. బృహత్సిర దగ్గర ఉండే రంధ్రాలు ఛాతీ మీదనుంచి చేసే ఎకోలో తప్పిపోతాయి, అన్నవాహిక గుండా చేసే ఎకో అడగండి.

ఒకటి గుర్తుంచుకోండి. స్ప్లిట్ మామూలుగా ఉంది కాబట్టి ఏఎస్‌డీ లేదని రాయకూడదు. రంధ్రం చిన్నదైతే స్ప్లిట్ కదులుతుంది. నాడి అస్తవ్యస్తంగా ఉన్న ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఎడం బీటు బీటుకీ మారుతుంది కాబట్టి అక్కడ ఫిక్స్‌డ్ అని కూడా, కాదని కూడా చెవితో తేల్చొద్దు.

ఆ అమ్మాయికి తొడ నరం గుండా తీగ పంపి, గొడుగులాంటి డివైస్‌తో రంధ్రం మూశారు. ఆరు నెలల తర్వాత రివ్యూకి వచ్చినప్పుడు అదే జూనియర్‌ని పిలిచాను. ఈసారి చెయ్యి తనే ఎత్తింది. ఈసీజీలో బ్లాక్ ఇంకా ఉంది కాబట్టి వదిలినప్పుడు చప్పుడు పూర్తిగా ఒకటి కాలేదు. కానీ చెయ్యి పైకి లేచినప్పుడు ఎడం పెరిగింది, దిగినప్పుడు తగ్గింది. "కదులుతోంది సర్" అంది.